కల్లో వచ్చి దోసె అడిగిన చిన్నోడు - ఒక తల్లీ తండ్రీ కేసు

ఈ కేసు రాయడానికి ఆ ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నా. ఊరు, వయసులు, ఇంకొన్ని గుర్తులు మార్చా. కలలు మాత్రం వాళ్లు చెప్పినట్టే రాశా, ఎందుకంటే ఈ కేసంతా ఆ కలల్లోనే ఉంది.

నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తా నేను, ఎక్కువగా ఇంట్లో మనిషి పోయినవాళ్లతో. ఈ దంపతులది సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు, ఆయనకి రెండు రొయ్యల గుంటలు లీజుకి ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఎనిమిదేళ్ల కొడుకు గుంట కట్ట మీద ఆడుకుంటా జారి పడిపోయాడు. లోతు పెద్ద మనిషికి ఛాతీ దాకా కూడా రాదు, కానీ అడుగునా అంచులకీ నల్ల షీట్ పరిచిన గుంట, తడిస్తే నాచు పట్టి కాలు నిలవదు, పిలకాయలు ఎక్కి రాలేరు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో అరుపు వినపడలేదు. తండ్రి అప్పుడు అవతలి గుంటలో రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూస్తా ఉన్నాడు.

ఇది మే నెల. నా దగ్గరికి వాళ్లు వచ్చింది అక్టోబర్‌లో, అది కూడా ఏడుపు తగ్గట్లేదని కాదు. "మేడమ్, వాడు కల్లోకి రావడం ఆగిపోయింది, మళ్లీ వచ్చేట్టు చెయ్యండి" అని తల్లి అడిగింది. పక్కన కూర్చున్న అత్తగారు "రాకుండా చెయ్యమ్మా" అంది. ఒకే కుర్చీల వరసలో కూర్చుని రెండు తలకిందుల కోరికలు. తండ్రి తలొంచుకుని ఫోన్ చూస్తా ఉన్నాడు, ఏం మాట్లాడలేదు.

జరిగిందేందంటే, వాడు పోయిన మూడో వారం నుంచీ తల్లికి కలలు మొదలైనాయి. వారానికి రెండు మూడు. స్కూల్ యూనిఫాంలో వస్తాడు, జుట్టు పొడిగా ఉంటుంది, వంటింటి గడప మీద కూర్చుని "మా, కారం దోసె పెట్టు" అంటాడు. ఆమె పెనం పెడతా ఉండగానే మెలకువ వచ్చేస్తుంది. ఏడుస్తుంది, కానీ "ఆ రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉండేది మేడమ్" అని చెప్పింది. ఈ మాట పట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఆమె ఈ కల ఇంట్లో చెప్పడంతో గొడవ మొదలైంది. పోయినవాళ్లు కల్లో అన్నం అడిగితే మంచిది కాదు, పిలిస్తే పలక్కూడదు, రమ్మంటే అసలు పోకూడదు అని మన వైపు పెద్దవాళ్లు అంటారు గదా, అత్తగారికి అదే భయం పట్టుకుంది, మనవడు పోయినాడు ఇప్పుడు కోడల్ని కూడా తీసుకుపోతాడేమోనని. తాయెత్తు కట్టించారు, ఏఎస్ పేట దర్గాకి తీసుకుపోయి నిద్ర చేయించారు. అక్కడ పడుకున్న రాత్రి కూడా వాడే వచ్చినాడంట, అత్తగారు దాన్ని ఇంకా చెడు శకునం అనుకుంది. నేనైతే ఆమెని తప్పు పట్టను. ఆమె మొండిగా మూఢనమ్మకం చూపిస్తా లేదు, మనవడి తర్వాత కోడలు కూడా పోకూడదని కాపలా కాస్తా ఉంది, అంతే.

ఆగస్టులో తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అని ఒక డాక్టర్ దగ్గర చూపిస్తే రాత్రి వేసుకోమని ఆమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చారు. నిద్ర పట్టింది, కలలు ఆగినాయి. మనం ఎక్కువగా కలలు కనేది రెమ్ నిద్రలో, కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదిలే దశ అది, దాదాపు తొంభై నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారుజాము అయ్యేకొద్దీ ఆ దశ పొడుగవుతుంది. మన వాళ్లు తెల్లారగట్ట వచ్చిన కల నిజమవుద్ది అనేది ఊరికే పుట్టలేదనిపిస్తుంది నాకు, ఆ టైంలో కలలు పొడుగ్గా ఉంటాయి, వెంటనే మెలకువ వస్తుంది కాబట్టి బాగా గుర్తుంటాయి. ఆమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఆ రెమ్ దశని బాగా అణిచేస్తాయి. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమెకి అర్థమైంది ఒక్కటే, "మాత్ర వేసుకున్నాక వాడు అలిగి పోయినాడు."

అందుకని ఎవర్నీ అడక్కుండా ఒక రోజు మాత్ర మొత్తం ఆపేసింది. అణిచిపెట్టిన రెమ్ ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది అప్పుడు, కలలు ఎక్కువగా, గాఢంగా, చాలాసార్లు భయంకరంగా వస్తాయి. చిన్నోడు వచ్చినాడు, కానీ తడిసిపోయి వచ్చినాడు, ముఖం ఉబ్బి, మాట రాక. నాలుగు రాత్రులు వరసగా అదే. ఆమె హడలిపోయి మళ్లీ మాత్ర వేసుకుంది, మళ్లీ ఏమీ లేదు. ఆ స్థితిలో వచ్చినారు నా దగ్గరికి.

మొదటి రోజు నేను కల అర్థం చెప్పలేదు, చెప్పను కూడా. ముందు ఒక ప్రశ్న అడగాలి, అత్తగారిని బయట కూర్చోబెట్టి అడిగా. "వాడు కల్లో రమ్మని పిలిచినాడా? పిలవకపోయినా వాడి దగ్గరికి పోవాలనిపిస్తా ఉందా? పోవాలంటే ఎట్లా పోవాలని అనుకున్నారు?" ఇట్లా మూడూ విడివిడిగా, సూటిగా. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఈ ప్రశ్నకి జంకుతారు, అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని. పుట్టదు. ఆమె రెండుసార్లు గుంట కట్ట మీదికి వెళ్లి నిలబడిందని అప్పుడు చెప్పింది, భర్తకి కూడా తెలియదు. దూకాలని కాదు, "వాడు చివరిగా చూసింది నేనూ చూడాలని." అది ఆత్మహత్య ప్లాన్ కాదు, అట్లాగని తేలిగ్గా వదిలేసే మాట కూడా కాదు. ఆ రోజే భర్తకి ఆమె ముందే చెప్పించా, గుంట షెడ్డులో ఉన్న మందు డబ్బాలకి తాళం పెట్టించా, రాత్రిపూట అట్లాంటి తలపు వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కి చేయమని ఫోన్‌లో సేవ్ చేయించా, అది ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మందు సంగతి సైకియాట్రిస్ట్ గారితో మాట్లాడి ఆయన చూశాక నిదానంగా తగ్గించారు, 25 నుంచి 10 కి, కొన్ని వారాలు అక్కడే ఉంచి, తర్వాత ఆపడం. మందు మంచిదా చెడ్డదా అనే గొడవ కాదు ఇది. మీకు కలలు ఆగిపోతే మాత్రల చీటీ ఒకసారి చూపించుకోండి, అంతేగాని మీ అంతట మీరు ఆపేయొద్దు, ఆపితే వచ్చేది మీరు ఎదురుచూసే కల కాకపోవచ్చు.

తర్వాత నేను చేసిన తప్పు చెప్తా. కలలన్నీ పుస్తకంలో రాయమన్నా. మా ట్రైనింగ్‌లో చెప్పేదే, చాలామందికి బాగానే పని చేస్తుంది. ఈమె విషయంలో బెడిసికొట్టింది. నవంబర్ చివరికి ఆమె దగ్గర నూరు పేజీల నోటుబుక్కు నిండింది, మధ్యాహ్నం భోజనం కాగానే తలుపేసుకుని పడుకోవడం, మళ్లీ సాయంత్రం పడుకోవడం, రాత్రి రెండుకి అలారం పెట్టుకుని లేచి రాయడం. నిద్ర మొత్తం ముక్కలైపోయింది. కల రాని రోజు ఆమెకి కొడుకు మళ్లీ ఒకసారి పోయినట్టే ఉండేది. నేను ఇచ్చిన పనే ఆమెని వేటకి పంపింది. దాన్ని ఎట్లా కనిపెట్టానంటే, ఒక సెషన్‌లో "వాడు వచ్చినాడా" అని నేను అడగ్గానే ఆమె పరీక్ష ఫెయిలైన పిలకాయలాగా తల దించుకుంది. నా ప్రశ్న కూడా తప్పే అని అప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి పద్ధతి మార్చినాం. ఇంటికి చుట్టం వస్తే ఎట్లా చూస్తాం మనం? వాళ్లు ఎప్పుడొస్తారో బస్టాండ్‌లో రోజూ పడిగాపులు పడం, వచ్చినాక తలుపేసి కట్టేసుకోం, వస్తే నీళ్లిస్తాం, ఉన్నంతసేపు ఉంటారు, పోయేటప్పుడు గడప దాకా వెళ్లి సాగనంపుతాం. ఈ పోలిక నేను ఇచ్చింది కాదు, మాటల్లో ఆమే అన్నది, నేను పట్టుకున్నానంతే. పగటి నిద్ర బంద్, రాత్రి అలారం బంద్. పుస్తకంలో ఒక కలకి ఒక్క లైనే, అదీ తెల్లారినాకే.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది మెలకువ వచ్చిన మొదటి అయిదు నిమిషాలు. ఆమె అప్పటిదాకా మెలకువ రాగానే లేచి పరిగెత్తి వీధి తలుపు తీసేది, బయట చీకటి, ఎవరూ ఉండరు, అక్కడ కూలబడేది. అంటే కల ఇచ్చిన కాస్త వెచ్చదనం కూడా ఆ తలుపు దగ్గరే పోగొట్టుకునేది. దాన్ని మార్చినాం. లేవకూడదు. కళ్లు మూసుకునే ఉండి వాడి మొహం ఇంకొంచెంసేపు చూడొచ్చు, పోయేది ఎట్లాగూ పోతుంది. తర్వాత మంచం పక్కన కూర్చుని రెండు పాదాలూ చల్లటి నేల మీద ఆనించాలి, చెంబులో నీళ్లు తాగాలి, పేరు పెట్టి పైకే "వచ్చిపోయినావా నాయనా" అనాలి. "వచ్చిపోయినావా" అనే మాటని కావాలనే ఎంచుకున్నాం, అందులో రావడమూ ఉంది పోవడమూ ఉంది. ఏడుపు వస్తే ఏడవడమే. అప్పుడు భర్తని లేపొచ్చు. కలకి అర్థం ఏందని మాత్రం సూర్యుడు వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు, చీకట్లో చెప్పుకునే అర్థాలు చాలావరకు భయం చెప్పేవే.

ఇప్పుడు దోసె సంగతి. అడిగితే పెట్టకపోవడం ఎట్లా, పెడితే ఏమవుద్దో, ఈ మధ్యలో నలిగిపోయింది ఆమె. మన దగ్గర చాలా కుటుంబాల్లో చిన్నపిల్లలకి పెద్దవాళ్లకి చేసినట్టు కర్మలు ఉండవు, పూడ్చేసి వస్తారు, ఏటేటా పెట్టే తద్దినం ఉండదు. కాబట్టి పోయిన తాత అన్నం అడిగితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలుసు, పోయిన పిలగాడు దోసె అడిగితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. దారి చూపించింది అత్తగారే. నేను ఆమెని ఒక సెషన్‌కి విడిగా పిలిచి మీకేం అనిపిస్తా ఉంది అని అడిగితే, ఆమె కూడా ఒకసారి కల్లో చూసిందంట, ఎవరికీ చెప్పలేదంట, చెప్పి భోరుమని ఏడ్చింది. ఆ శనివారం ఆమే పిండి రుబ్బి కారం దోసెలు పోసి అదే వీధిలో పిలకాయలకి పెట్టింది, మొదటి దోసె కాకికి. ఆ తర్వాత తాయెత్తు ఎవరూ తియ్యమని చెప్పకుండానే ఎప్పుడో దారం తెగి పడిపోయింది.

నేను చదువుకున్న రోజుల్లో పోయినవాళ్ల నుంచి మనసు తెంచుకోవాలనే మాటే ఎక్కువగా చెప్పేవాళ్లు. 1990ల్లో డెనిస్ క్లాస్ అనే అమెరికా పరిశోధకుడు, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులతో ఏళ్ల తరబడి కూర్చుని, ఆయనతో పాటు ఇంకొందరు, ఆ బంధం తెగదు, రూపం మార్చుకుంటుంది, అది జబ్బు కాదు అని వాదించారు. మన అత్తగారు ఆయన పేరు వినే ఛాన్సే లేదు, అయినా దోసె పిండి రుబ్బింది.

తండ్రి విషయం వేరే. ఆయన డిసెంబర్ దాకా నోరు విప్పలేదు. ఒక రోజు ఆమె లోపల ఉండగా బయట నాతో "మేడమ్, ఆమెకి వాడు నవ్వతా వస్తాడంట, నాకెందుకు అట్లా రాడు" అన్నాడు. ఆయన కల ఎప్పుడూ ఒకటే. గుంటలోకి దూకుతాడు, నీళ్లు పచ్చగా ఉంటాయి, చెయ్యి దొరుకుతుంది, జారిపోతుంది, ఏరియేటర్ మోత, అందులో "నాయనా చూడవా" అనే మాట. గుండె దడదడా కొట్టుకుంటా లేస్తాడు, మళ్లీ పడుకోవాలంటే భయం. వారానికి అయిదు రాత్రులు. నిద్ర పట్టాలని రాత్రి మందు తాగడం మొదలుపెట్టాడు, దాంతో ఇంకా చెడింది, ఎందుకంటే మద్యం రాత్రి మొదటి సగంలో రెమ్‌ని అణిచి రెండో సగంలో ఎగదోస్తుంది, సరిగ్గా మూడూ నాలుగు గంటలకి ఆయన కల.

ఈ రెండు కలలూ ఒకటి కాదు, ఒకే వైద్యం పనికిరాదు. తల్లి కల ప్రతిసారీ కొంచెం మారేది, ఒకసారి గడప మీద, ఒకసారి మంచం మీద, లేచినాక ఏడుపు ఉన్నా ఒళ్లు తేలిక. తండ్రి కల టేపు తిప్పి వేసినట్టు అదే సీను, అదే చోట తెగుతుంది, లేచినాక ఒళ్లంతా చెమట, నిద్రంటేనే భయం. మొదటిది వచ్చిపోయే చుట్టం, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. రెండోది ఆ రోజు తగిలిన దెబ్బ, దానికి పని చెయ్యాలి.

ఫ్రాయిడ్ 1900లో రాసిన ఒక కల ఉంది, కొడుకు శవం పక్క గదిలో ఉండగా కునుకు తీసిన తండ్రికి, పిల్లాడు వచ్చి చెయ్యి పట్టుకుని "నాయనా, నేను కాలిపోతా ఉంటే చూడవా" అన్నట్టు వస్తుంది, లేచి చూస్తే నిజంగానే కొవ్వొత్తి పడి గుడ్డ అంటుకుని ఉంటుంది. అదే మాట, "చూడవా." ఈ సంగతి ఈయనకి చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించా, చివరికి చెప్పా. చాలాసేపు ఊరుకుని "అయితే వేరే తండ్రులకి కూడా వస్తుందన్నమాట" అన్నాడు. అంతకుముందు ఆయన దాన్ని కొడుకు వేసిన నింద అనుకున్నాడు.

ఆయనతో చేసింది ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి. కలని పగలు కాగితం మీద రాసి, ఎక్కడో ఒకచోట తనకి నచ్చినట్టు మార్చి, ఆ మార్చిన కలని రోజూ పగటిపూట పది పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించడం, పాత కలని కాదు, కొత్తదాన్ని. ముందు తాగుడు తగ్గించే పని, అది లేకుండా ఇది నిలవదు. ఏం మారుస్తారు అని అడిగితే చాలామంది బతికించేస్తారు అనుకుంటాం, నేను కూడా అదే ఊహించా, కొంచెం భయపడ్డా కూడా, పొద్దున లేచినాక ఆ అబద్ధం ఎంత గట్టిగా కొడుతుందో అని. ఆయన బతికించలేదు. చెయ్యి జారకుండా పట్టుకుని, కట్ట మీదికి తీసుకొచ్చి, తన తువ్వాలుతో తల తుడిచి, ఒళ్లో పెట్టుకుని ఏరియేటర్ ఆపేసి కూర్చున్నట్టు రాశాడు. అంతే. ఆ రోజు జరగనిది అదొక్కటే, జనం లాగేసుకుని ఆటోలో వేసుకుని పోయారు, ఆయన చేతిలో ఒక్క నిమిషం కూడా పెట్టలేదు.

మొదటి వారం ఏం మార్పు లేదు. రెండు సార్లు చెయ్యలేక మధ్యలో ఆపేశాడు. మూడో వారం నుంచి కల చోటు మారడం మొదలైంది, ఒకసారి నీళ్లు తేటగా ఉన్నాయన్నాడు. ఫిబ్రవరికి వారానికి ఒకటి, అదీ దడ తక్కువ. పూర్తిగా మాత్రం పోలేదు, ఏరియేటర్‌కి మోటార్ కొత్తది వేసిన రోజు మళ్లీ వచ్చింది.

మధ్యలో సంక్రాంతి. పెద్దలకి బట్టలు పెట్టుకునే పండగ గదా, అత్తగారు ఈసారి చిన్నోడికి కూడా పెడదాం అంది, వాడు పెద్దల్లో లేకపోయినా సరే. షాపులో గొడవ, ఏ సైజు తియ్యాలి? తల్లి ఎనిమిదేళ్లది అంది, కల్లో వాడు అట్లాగే వస్తా ఉన్నాడు కాబట్టి. తండ్రి తొమ్మిది అన్నాడు, వాడు ఉంటే పెరిగుండేవాడు కదా అని. నన్ను అడిగితే నేను చెప్పలేదు. ఎనిమిదేళ్లదే తీశారు, పూజ అయినాక ఎవరికో ఇవ్వకుండా బీరువాలోనే పెట్టుకున్నారు.

జూలైలో ఒక దెబ్బ. రొట్టెల పండగకి చుట్టాలు బలవంతంగా స్వర్ణాల చెరువుకి తీసుకుపోయారు, సంతాన రొట్టె పట్టుకోమని. మంచి మనసుతోనే. కానీ నడుం లోతు నీళ్లలో నిలబడి ఇంకో బిడ్డ కోసం రొట్టె అందుకోవడం అంటే ఆమెకి ఎట్లా ఉంటుందో ఎవరూ ఆలోచించలా. ఆ రాత్రి చిన్నోడు తడిసి వచ్చినాడు, నెలల తర్వాత. ఆమె అయిదు నిమిషాల పద్ధతే చేసింది, కాళ్లు నేల మీద, నీళ్లు, "వచ్చిపోయినావా". పొద్దున నాకు ఫోన్ చేసి "మేడమ్, వాడు తడిసింది చెరువు నీళ్లలో, అది నేను నిలబడిన నీళ్లే" అంది. కలలో పగటి ముక్కలు దూరతాయని నేను ఏనాడో చెప్పింది ఆమె తనంతట తాను వాడుకుంది. బిడ్డ కావాలా వద్దా అనేది వాళ్లిద్దరూ తర్వాత మాట్లాడుకుంటామన్నారు, నేను తొందరపెట్టలేదు.

సెప్టెంబర్‌లో చివరి సెషన్. ఇప్పుడు ఆమెకి నెలకి ఒకటో, ఒక్కోసారి అదీ లేదో. తండ్రికి మెత్తటి కల ఒక్కటి కూడా రాలేదు ఇప్పటిదాకా. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటా ఆమెని అడుగుతాడంట, "వచ్చినాడా?" అని. ఆయన బయటికి వెళ్లినాక ఆమె గొంతు తగ్గించి చెప్పింది, పోయిన వారం ఆయన మొహం చూడలేక "వచ్చినాడు, నాయన ఏడని అడిగినాడు" అని అబద్ధం చెప్పిందంట, ఆయన ఆ రోజు గుంట దగ్గరికి ఈల వేసుకుంటా పోయినాడంట.

"తప్పా మేడమ్?" అంది.

మళ్లీ మళ్లీ చెప్పొద్దమ్మా అన్నా. ఆ కలని మాత్రం కేస్ షీట్‌లో లెక్కలోకి రాయలేదు.